మెరిసే రేకు ఎందుకంత కాలుతుంది?

మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో వేడి గాలిలోంచి కాక నెత్తిమీద నుంచి దిగుతున్నట్టుంటుంది. అది భ్రమ కాదు. బయట గాలి 40 డిగ్రీలున్నప్పుడు పైకప్పు రేకు 80 దాటగలదు. అలా కాలడానికి అది నల్లగా ఉండనక్కర్లేదు. కొత్తగా తళతళలాడే జింకు రేకు, గాలి ఆడని పూట, నల్లరంగు వేసిన రేకుకన్నా ఎక్కువ కాలుతుంది.

ఎండలో పెట్టిన రేకు వేడెక్కుతూ వెళ్లి ఒకచోట ఆగుతుంది. క్షణక్షణానికీ దానిలోకి వచ్చే వేడి, దాన్నుంచి పోయే వేడి సమానమయ్యే చోటు అది. రేకు పలుచన కాబట్టి కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుతుంది. మబ్బు అడ్డొస్తే అంతే త్వరగా దిగుతుంది.

వచ్చే వేడిలో పెద్ద వాటా ఎండదే. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 900 వాట్లు మోసుకొస్తుంది. అందులో రేకు ఎంత మింగుతుందో చెప్పేది దాని శోషణ గుణం. ఆకాశం కూడా, మన కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో, కొంత వేడి పంపుతుంది. పోయే దారులు రెండు. రేకును తాకిన గాలి వేడెక్కి పక్కకు తప్పుకుంటుంది. రేకు తానే పరారుణ కిరణాలను విడుస్తుంది; అది ఎంత బాగా విడవగలదో చెప్పేది ఉద్గార గుణం.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ రెండు గుణాలూ ఒకే ఉపరితలానివే అయినా సమానంగా ఉండాలని లేదు. ఎండలో ఎక్కువ భాగం రెండున్నర మైక్రాన్ల లోపు పొట్టి తరంగాలు. కాలిన రేకు విడిచేవి పది మైక్రాన్ల చుట్టుపక్కల పొడుగు తరంగాలు. తెల్ల పెయింటు ఎండను తిప్పికొడుతుంది గానీ పొడుగు తరంగాల్లో నలుపు లాగే పనిచేసి వేడిని ధారాళంగా విడుస్తుంది. మెరిసే లోహం తీరు వేరు. అది ఎండను ఓ మాదిరిగా మింగుతుంది, మింగిన వేడిని విడవడంలో మాత్రం చాలా పిసినారి.

లెక్క వేసి చూద్దాం. గాలి 40 డిగ్రీలు, చిరుగాలి మాత్రమే. ఆకాశం 22 డిగ్రీల వస్తువులా వేడి పంపుతోందనుకుందాం. కిందివైపు నుంచి వేడి పోకుండా కట్టేశామనీ అనుకుందాం. నల్లరేకు ఎండలో 95 శాతం మింగుతుంది, ఉద్గార గుణం 0.9. అది సుమారు 78 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కొత్త జింకు రేకు 65 శాతమే మింగినా ఉద్గార గుణం 0.13 మాత్రమే కాబట్టి 83 దాకా ఎక్కుతుంది. పాతబడి మాసిన జింకు రేకు 80 శాతం మింగుతుంది, ఉద్గార గుణం 0.28, అది 87 దగ్గరికి చేరుతుంది. తెల్ల పెయింటు పావు వంతే మింగి 0.9తో విడుస్తుంది కాబట్టి 46, 47 దగ్గరే ఆగిపోతుంది.

గాలి విసురు పెరిగితే కథ మారుతుంది. గాలి పట్టుకెళ్లే వేడి రెండున్నర రెట్లయితే నల్లరేకు 60కి, కొత్త జింకు రేకు 58కి దిగుతాయి. గాలే పని చేసేటప్పుడు ఉద్గార గుణానికి అంత విలువ ఉండదు. తెల్లరేకు మాత్రం ఎలాగైనా అన్నిటికంటే కిందే ఉంటుంది.

నిజమైన ఇంట్లో రేకు కిందివైపు కూడా వేడి విడుస్తుంది. అందుకని రేకు మన లెక్కకన్నా కొంత చల్లగానే ఉండొచ్చు, కానీ ఆ తేడా వేడి పడేది కింద పడుకున్న పిల్లల మీద, ముసలివాళ్ల మీద. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చినా, నన్నడిగితే ఈ తెల్లపూత ముందుగా చేరాల్సింది రేకుల ఇళ్లకే.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఈ వేడి కొలవబోతే జాగ్రత్త. మెరిసే రేకుకు పైనుంచి గురిపెడితే, అందులో ప్రతిఫలించిన ఆకాశాన్నే చదివి, చెయ్యి పెట్టలేనంత కాలుతున్న రేకును గాలికన్నా చల్లనిదిగా చూపించగలదు. ఇంటి లోపల, రేకు కిందివైపున, రెండంగుళాల నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి, అది వేడెక్కాక దాని మీదకి గురిపెట్టాలి. పైన అతికిస్తే టేపే ఎండను మింగి లెక్క తప్పిస్తుంది.

తెల్లపూతకు శత్రువు దుమ్ము. ఎండలో పావు వంతు మింగే పూత, దుమ్ము పట్టి నలభై శాతం మింగడం మొదలుపెడితే, పైన చెప్పిన చిరుగాలి లెక్కలోనే రేకు 54 డిగ్రీలకు ఎక్కుతుంది. ఉద్గార గుణం పెద్దగా మారదు, పోయేది తెలుపే. అందుకే పూత వేసిన రేకును ప్రతి ఏడూ ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి చివర్లో, ఒకసారి నీళ్లు పోసి మెత్తటి చీపురుతో కడగాలి. కడిగినా తెలుపు తేలకపోతే ఇంకో పూత వెయ్యాలి.