స్టైపెండ్ లెక్క ఇరవయ్యో తేదీకే తేలిపోతుంది

స్టైపెండ్ నెలాఖరున పడుతుంది కాబట్టి టైమ్‌షీట్ కూడా అప్పుడే నింపితే చాలని కొత్తగా చేరిన ఇంటర్న్‌లు అనుకుంటారు. చాలా కంపెనీల్లో పేరోల్ విభాగం అన్ని రోజులు ఆగదు. డబ్బు బ్యాంకుకు పంపే ముందు లెక్క కట్టాలి, సరిచూడాలి, పైవాళ్ల ఆమోదం తీసుకోవాలి. అందుకే 20వ తేదీనో, 25వ తేదీనో కటాఫ్ పెట్టుకుంటుంది. 20 కటాఫ్ అయితే, జూన్ స్టైపెండ్‌కు చూసేది మే 21 నుంచి జూన్ 20 వరకు ఉన్న హాజరునే. మిగతా పది రోజులూ వచ్చినట్టే లెక్కేస్తారు. వాటిలో సెలవు పెడితే కోత జులైలో పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 18,000 రూపాయల స్టైపెండ్‌ను 30తో భాగించే కంపెనీలో ఒక రోజు విలువ 600. అక్కడి ఇంటర్న్ జూన్ 12న ఇంటి నుంచే పనిచేశాడు కానీ, అటెండెన్స్ పోర్టల్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టలేదు. 17న సాయంత్రం కార్డు స్వైప్ చేయకుండానే వెళ్లిపోయాడు. సిస్టమ్ మొదటిదాన్ని గైర్హాజరుగా, రెండోదాన్ని సగం రోజుగా రాసుకుంది. వెరసి ఒకటిన్నర రోజు, 900 రూపాయల కోత.

అతను టైమ్‌షీట్‌లో మాత్రం 12న ఎనిమిది గంటలు వేశాడు. ఒకచోట ఆబ్సెంట్, ఇంకోచోట ఎనిమిది గంటలు. ఇలా రెండు రికార్డులూ పొసగనప్పుడు కొన్ని కంపెనీలు ఆ ఒక్క రోజుతో సరిపెట్టవు, తేలేదాకా మొత్తం స్టైపెండ్‌నే ఆపుతాయి.

దీన్ని సరిచేయడానికి పోర్టల్‌లో రెగ్యులరైజేషన్ అనే వీలుంటుంది. అతను 19న రెండు రోజులకూ రిక్వెస్ట్ పెట్టాడు. స్క్రీన్ మీద ‘సబ్మిటెడ్’ అని కనిపించగానే పనైపోయిందనుకున్నాడు. మేనేజరు సెలవులో ఉండి 23న గానీ అప్రూవ్ చేయలేదు. పేరోల్ లెక్కలోకి వచ్చేది ‘అప్రూవ్డ్’ అయినవే. అతనికి జూన్‌లో 17,100 పడ్డాయి, మిగతా 900 ఏరియర్స్‌గా జులైలో వచ్చాయి.

కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం అటెండెన్స్ పేజీ, టైమ్‌షీట్ పక్కపక్కన తెరిచి తేదీల వారీగా పోల్చుకోవాలి. సెలవు పెట్టిన రోజున ప్రాజెక్ట్ కోడ్ కింద గంటలు పడ్డాయేమో చూసుకోవాలి. కటాఫ్‌కు రెండు రోజుల ముందు కూడా అప్రూవల్ పెండింగ్‌లోనే ఉంటే మేనేజరుకు మెయిల్ పెట్టి, హెచ్‌ఆర్‌ను కాపీలో ఉంచాలి. ‘అటెండెన్స్ సరిచేయండి’ అని ఊరుకోకుండా, ‘జూన్ 17, ఇన్ టైమ్ 9:40, అవుట్ టైమ్ 6:30, వెళ్లేటప్పుడు స్వైప్ చేయలేదు’ అని రాస్తే, ఆయన ఇంకో ప్రశ్న అడగకుండా అప్రూవ్ చేయగలుగుతారు. మేనేజరు సెలవులో ఉంటే ఆయన బదులు ఎవరు అప్రూవ్ చేస్తారో అదే మెయిల్‌లో హెచ్‌ఆర్‌ను అడగాలి.