డెక్సా పేపరును జర్నల్ క్లబ్‌లో ఎలా విప్పాలి?

మెడికల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులకు జర్నల్ క్లబ్ ఒక పరీక్షలాంటిదే. ఒకరు ఒక పరిశోధన పత్రాన్ని తీసుకుని, అందులో ఏముందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తోటివారి ముందు చెప్పాలి. చాలామంది మొదటి సగమే చేస్తారు. పేపరులోని పేరాలను స్లైడ్ల మీదికి ఎక్కించి చదువుతూ పోతారు. విమర్శ దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. చివరి స్లైడులో రచయితలు స్వయంగా ఒప్పుకున్న పరిమితులే మళ్లీ కనిపిస్తాయి.

కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్లలోనూ వినిపించిన డెక్సామెథసోన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఇరవై నిమిషాల ప్రసంగమైతే నేపథ్యానికి రెండు నిమిషాలు చాలు. మిగతా సమయంలో సగమైనా పద్ధతికి, విమర్శకు దక్కాలి.

మొదటి స్లైడులో ఒకే వాక్యం ఉండాలి. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ గరిష్ఠంగా పది రోజులు ఇస్తే, మామూలు చికిత్సతో పోల్చినప్పుడు 28 రోజుల్లో మరణాలు తగ్గుతాయా? ఎవరికి, ఏమిచ్చారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు అన్న నాలుగూ ఇందులోనే ఉన్నాయి. ఈ వాక్యం రాయలేకపోతే పేపరు ఇంకా అర్థం కాలేదన్నమాట.

పద్ధతి దగ్గర అన్నీ చెప్పనక్కర్లేదు, ఫలితాన్ని తారుమారు చేయగల సంగతులు చెబితే చాలు. మందు ఇచ్చినవారు 2,104 మంది, ఇవ్వనివారు 4,321 మంది. రోగులను లాటరీ పద్ధతిలో ఒకటికి రెండు నిష్పత్తిలో పంచడం వల్ల ఈ తేడా వచ్చింది. ఎవరికి ఏ చికిత్స అందుతోందో డాక్టర్లకు తెలుసు. ఇది లోపమేనా? నొప్పి ఎంత తగ్గిందని కొలిచే పరిశోధనలో ఇది పెద్ద లోపమే. ఇక్కడ కొలిచింది మరణాన్ని కాబట్టి, కొలతలో పక్షపాతం దూరే అవకాశం తక్కువ. మందు లేని వర్గంలోనూ సుమారు 8 శాతం మందికి డెక్సా అందింది. దాంతో రెండు వర్గాల మధ్య తేడా కొంత మసకబారి ఉండవచ్చు. లోపం పేరు చెప్పి ఊరుకోకుండా, అది ఫలితాన్ని ఎటు జరుపుతుందో కూడా చెప్పాలి. అసలు విమర్శ అదే.

ఫలితాలకు పెద్ద పట్టిక వద్దు. 28 రోజుల్లో మందు తీసుకున్నవారిలో 22.9 శాతం, తీసుకోనివారిలో 25.7 శాతం చనిపోయారు. తేడా 2.8. అంటే దాదాపు 36 మందికి ఇస్తే ఒక ప్రాణం అదనంగా నిలిచింది. ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తే వినేవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది.

అక్కడే ఒక చురుకైన ప్రశ్న రావచ్చు. 22.9ని 25.7తో భాగిస్తే 0.89 వస్తుంది, మరి పేపరులో 0.83 ఎందుకుంది? లాటరీ వేసినా, మందు తీసుకున్నవారి సగటు వయసు యాదృచ్ఛికంగా 1.1 ఏళ్లు ఎక్కువగా తేలింది. ఆ తేడాను సరిచేసి లెక్క కట్టారు. పైగా 0.83 కేవలం శాతాల నిష్పత్తి కాదు, మరణాలు ఎప్పుడు జరిగాయో కూడా చూసి కట్టిన రేటు నిష్పత్తి. పేపరులోని అంకెలతో స్వయంగా లెక్క వేసుకున్నవారికే ఈ ప్రశ్న ముందే తడుతుంది.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఉపవర్గాలకు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ తీసుకుంటున్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం మందు లేకుండా 14.0 శాతం, మందుతో 17.8 శాతం మరణించారు. ఈ మూడో వర్గం దగ్గరే చాలామంది జారిపోతారు. అక్కడ రేటు నిష్పత్తి 1.19, దాని హద్దులు 0.92 నుంచి 1.55. తేడా లేదని సూచించే 1 ఆ హద్దుల మధ్యలోనే ఉంది. కాబట్టి మందు చంపిందని ఈ అంకెలు రుజువు చేయవు. మేలు కనిపించలేదు, కీడును కొట్టిపారేయలేము. అంతవరకే చెప్పాలి. ఆక్సిజన్ అవసరాన్ని బట్టి ఇలా విడదీసి చూస్తామని పరిశోధకులు ముందే నిర్ణయించుకున్నారు. ఫలితాలు చూశాక గీసుకున్న విభజన కాకపోవడం దీనికి బలం.

చివరి రెండు నిమిషాలు మన వార్డుకు. 2021 రెండో వేవ్‌లో ఆక్సిజన్ స్థాయి బాగానే ఉన్న ఎందరో ఇంట్లోనే స్టెరాయిడ్లు వాడారు. ఆ వేసవిలోనే బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగాయి. అదుపులో లేని మధుమేహంతో పాటు స్టెరాయిడ్ల అతివాడకాన్నీ వైద్యులు కారణంగా చూపారు. రికవరీ ట్రయల్ ఆసుపత్రిలో చేరినవారి మీద జరిగింది, వారిలో మధుమేహులు సుమారు పావువంతు. ఇంట్లో ఉన్న రోగి గురించి అది ఏమీ చెప్పదు. అందుకే ఆఖరి స్లైడులో రాయాల్సింది ‘డెక్సా పనిచేస్తుంది’ అని కాదు. ఆక్సిజన్ అందుకుంటున్న రోగికి 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా, షుగర్ చూస్తూ ఇవ్వాలని, ఆక్సిజన్ అక్కర్లేనివారికి ఇవ్వవద్దని రాయాలి.