21వ రోజు అందరికీ ఒకటి కాదు

పెళ్లై ఏడాది దాటింది, గర్భనిరోధక సాధనాలేవీ వాడటం లేదు, అయినా గర్భం రాలేదు. ఇలాంటప్పుడు డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది మొదటి సందేహం. భార్య వయసు 35 లోపైతే 12 నెలలు చూడొచ్చు. 35 దాటితే 6 నెలలే చూడాలి, 40 దాటితే ఆగనవసరం లేదు. నెలసరి బాగా క్రమం తప్పుతున్నా, ఇద్దరిలో ఎవరికైనా పాత ఆపరేషనో ఇన్ఫెక్షనో ఉన్నా ఈ గడువులు వర్తించవు, ముందే వెళ్లాలి.

డాక్టరు తేల్చాల్సినవి మూడు: శుక్రకణాలు తగినన్ని ఉన్నాయా, నెలనెలా అండం విడుదలవుతోందా, ఆ రెండూ కలిసే దారి తెరిచి ఉందా. ఈ మూడూ ఎలా తేలతాయో ఒక జంటను ఊహించుకుని చూద్దాం. ఆమెకు 28, ఆయనకు 32. ప్రయత్నం మొదలై 14 నెలలైంది. ఆమెకు నెలసరి 35 రోజులకోసారి, తప్పకుండా వస్తుంది.

పరీక్ష ఆయనతో మొదలు కావాలి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు లోపం కూడా కారణంలో భాగమే. పైగా మూడింటిలోనూ సూది, నొప్పి లేనిది వీర్యపరీక్ష ఒక్కటే. భార్య నెలల తరబడి స్కాన్లు, సూదులు అయ్యాక గానీ భర్త సీసా పట్టుకోని ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఆ ఆలస్యం ఆమె వయసులోంచే పోతుంది.

నమూనాకు ముందు 2 నుంచి 7 రోజులు కలయిక గానీ వీర్యస్ఖలనం గానీ లేకుండా ఉండాలి. ల్యాబులోనే ఇవ్వడం మేలు. ఇంటి నుంచి తెస్తే చొక్కా లోపల ఒంటికి ఆనించి, అరగంటలో, మహా అయితే గంటలో అందించాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, దాని పూత కణాలకు హాని చేస్తుంది. మొదటి చుక్కలు కింద పడితే సిగ్గుపడకుండా చెప్పాలి. శుక్రకణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

మన జంటలో ఆయన మొదటి రిపోర్టు: పరిమాణం 1.1 మిల్లీలీటరు, ఒక్కో మిల్లీలీటరులో 1.1 కోట్ల కణాలు. గుణిస్తే మొత్తం 1.2 కోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు చూస్తే, పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాలో మూడో వంతు కన్నా తక్కువ. మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం 3.9 కోట్లు ఉండాలి. ముందుకు ఈదే కణాలు నూటికి 30, సరైన ఆకారం ఉన్నవి నూటికి 4. ఈ చివరి అంకె చూసి 96 పాడైపోయాయా అని గుండె జారుతుంది. కొలమానం అంత కఠినమైనది మరి. నూటికి 4 ఉంటే చాలు.

ఈ కనీస అంకెలు ఎక్కడివో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ప్రయత్నించిన ఏడాదిలోపే భార్యకు గర్భం వచ్చిన మగవారి ఫలితాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చారు. నూటికి 5 మంది దగ్గర గీత గీశారు. గీత కిందున్న ఆ ఐదుగురూ తండ్రులైనవారే. కాబట్టి గీత కింద పడితే అవకాశం తగ్గిందని అర్థం గానీ, లేదని కాదు.

ఆయన్ను డాక్టరు రెండు ప్రశ్నలు అడిగారు. నెల క్రితం నాలుగు రోజులు గట్టి జ్వరం వచ్చిందని, నమూనా తీసేటప్పుడు మొదటి చుక్కలు పోయాయని తేలింది. ఒక శుక్రకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అంటే ఆ రిపోర్టులో కనిపించింది జ్వరం నాటి పంట. మూడు నెలలాగి మళ్లీ ఇస్తే 2.2 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 2.8 కోట్లు, మొత్తం 6.2 కోట్లు వచ్చాయి. అందులో నూటికి 35 ముందుకు ఈదుతున్నాయి. అందుకే ఒక్క రిపోర్టు తక్కువొచ్చిందని మందులు మొదలుపెట్టకూడదు. అయితే ఒక్క కణం కూడా కనిపించని రిపోర్టు వేరు. దాన్ని వెంటనే మరోసారి చూసి, హార్మోన్ పరీక్షలతో మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఆమె వంతు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ రక్తంలో పెరుగుతుంది. అది గర్భసంచిని సిద్ధం చేసే హార్మోన్. దీనికి 21వ రోజు రక్తం ఇవ్వమని అలవాటుగా రాసేస్తుంటారు. ఆమె అలాగే ఇచ్చింది, 0.8 వచ్చింది. 3 దాటితే అండం విడుదలైనట్టు లెక్క. ‘అండం రావట్లేదట’ అని ఇంట్లో అందరికీ దిగులు.

ఇక్కడ వేళ్ల మీద లెక్క వేస్తే చాలు. అండం విడుదలయ్యేది నెలసరి వచ్చిన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టే రోజున కాదు, వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 28 రోజుల నెలసరైతే అది 14వ రోజు, వారం తర్వాత 21వ రోజుకు ప్రొజెస్టరాన్ పైకెక్కి ఉంటుంది. ఆమెది 35 రోజుల నెలసరి. 35లోంచి 14 తీసేస్తే 21. అంటే అండం సరిగ్గా విడుదలయ్యే వేళకే రక్తం తీశారు. అప్పటికి హార్మోన్ పెరగనే లేదు. తర్వాతి నెల 28వ రోజున, అంటే వచ్చే నెలసరికి వారం ముందు ఇస్తే 11 వచ్చింది. ఈ 11ని మార్కుల్లా చూడొద్దు. ఈ హార్మోన్ గంటగంటకూ ఎగసి పడుతుంది. 3 దాటిందా లేదా అన్నదే ముఖ్యం. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివారికి ఒక్క రోజు సరిపోదు, వారానికోసారి నెలసరి వచ్చేదాకా చూడాల్సి రావచ్చు. అండం అసలు రావడం లేదని తేలితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్తపరీక్షలు కారణం వెతుకుతాయి.

మూడోది దారి. గర్భసంచికి రెండు పక్కలా ఉండే అండవాహికలనే మనం ట్యూబులంటాం. ఒక్కోటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, గర్భసంచిని అంటుకున్న చోట లోపలి సందు మాత్రం మిల్లీమీటరుకు అటూ ఇటూ. గర్భసంచిలోకి సన్నని గొట్టంతో రంగుమందు పంపి ఎక్స్‌రే తీస్తే తెరిచి ఉన్న ట్యూబు చివరి నుంచి మందు కడుపులోకి చిమ్ముతూ కనబడుతుంది. దీన్నే హెచ్‌ఎస్‌జీ అంటారు. నెలసరి రక్తస్రావం ఆగాక, అండం విడుదలకు ముందే చేస్తారు, ఆ నెల గర్భం ఉండే అవకాశం లేకుండా. కొద్ది నిమిషాలు నెలసరి నొప్పిలాంటి నొప్పి ఉంటుంది, కొందరికి గట్టిగానే. రంగుమందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి ఇంతకుముందు అలాంటి మందు పడకపోయి ఉంటే ముందే చెప్పాలి. పరీక్ష తర్వాత జ్వరం, పెరిగే నొప్పి వస్తే ఆ రోజే చూపించుకోవాలి.

ఆమె ఎడమ ట్యూబులోంచి మందు చక్కగా చిమ్మింది. కుడివైపు మొదట్లోనే ఆగింది. ‘బ్లాక్’ అన్న మాట రిపోర్టులో చూడగానే ఆపరేషన్ గుర్తొస్తుంది. కానీ ఆగింది ఎక్కడన్నది చూడాలి. గర్భసంచి అంచునే ఆగితే, ఆ క్షణాన కండరం బిగుసుకుని సందు మూసుకుపోయి ఉండొచ్చు. మళ్లీ చేస్తే తెరుచుకున్నట్టు కనబడే ట్యూబులు చాలానే. అదే మందు ట్యూబు కొసదాకా వెళ్లి, అక్కడ ఉబ్బి నిలిచిపోతే సంగతి వేరు. నీరు నిండిన ఆ ట్యూబు నిజంగానే దెబ్బతిన్నదై ఉంటుంది. మన దేశంలో దాని వెనక పాత క్షయ ఉందేమో కూడా ఆలోచించాలి. దాన్ని తేల్చడానికి స్కాన్, లాపరోస్కోపీ కావాలి. హెచ్‌ఎస్‌జీకి ఇంకో హద్దు కూడా ఉంది. దారి తెరిచి ఉందని చెబుతుంది గానీ, ట్యూబు బయట అతుకులున్నాయా, అండాన్ని అది పట్టుకోగలదా అన్నది చెప్పలేదు.

కుడివైపు విడుదలైన అండాన్ని ఎడమ ట్యూబు అందుకోవడం కూడా జరుగుతుంది. ఆయన రెండో రిపోర్టు బాగుంది, ఆమెకు 35 రోజుల నెలసరిలో 21వ రోజుకు దగ్గర్లో అండం విడుదలవుతోంది, ఒక ట్యూబు తెరిచి ఉంది. కుడి ట్యూబు కోసం ఆపరేషన్ ఊసెత్తకుండా, 16 నుంచి 21వ రోజు దాకా రోజు విడిచి రోజు కలవమని, మరో ఆరు నెలలు చూడమని డాక్టరు వాళ్లను పంపేశారు.