బాగున్న సర్వర్‌నే ఎందుకు తీసేస్తుంది?

వచ్చే రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, ఒక్కొక్కదాన్నీ పలకరించి జవాబు రానిదాన్ని పక్కనపెడుతుంది. ఒక జావా అప్లికేషన్ సిద్ధం కావడానికి 90 సెకన్లు పడుతుందనుకుందాం. మొదలైనప్పుడు ఇచ్చే మినహాయింపు 30 సెకన్లే అయితే, అది లేవకముందే చెడిపోయిందని లెక్కగట్టి, ఆటో స్కేలింగ్ దాన్ని తొలగించి కొత్తది తెస్తుంది. దానికీ అదే గతి. లాగ్‌లో లోపం కనబడదు, ప్రారంభం మాత్రం పూర్తికాదు. ఇదే గుర్తు. గడువును 150 సెకన్లకు పెంచితే చాలు.

తనిఖీ చిరునామా ఇంకా ప్రమాదకరం. అది డేటాబేస్‌ను తాకితే, డేటాబేస్ నెమ్మదించగానే టైమ్‌అవుట్ దాటి సర్వర్లన్నీ ఒకేసారి విఫలమవుతాయి. అందుకే `/healthz` వంటి తేలికైన దారి పెట్టాలి. రద్దీవేళ జవాబుకు 2 సెకన్లు పడితే, టైమ్‌అవుట్ 5 సెకన్లు ఉంచాలి.