నీడ ఎన్ని రెట్లు పెరిగింది?

వేలి గోరంత ఇనుప ముక్కను ప్రొఫైల్ ప్రొజెక్టర్ బల్ల మీద పెట్టి దీపం వేస్తే, దాని నీడ పెద్దదై గుండ్రటి గాజు స్క్రీన్ మీద పడుతుంది. తనిఖీ చేసే మనిషి ఆ నీడ మీద ఒక పారదర్శక చార్టు పెడతాడు. నీడ అంచు చార్టులోని రెండు హద్దు గీతల మధ్య ఉంటే ముక్క పాస్, దాటితే రిజెక్ట్. 1920లలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జేమ్స్ హార్ట్‌నెస్, రస్సెల్ పోర్టర్ ఈ పద్ధతికి యంత్రరూపం ఇచ్చింది మర మేకుల చుట్లను సరిచూడటానికే. ఈ తీర్పంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది: లెన్స్ మీద 10 రెట్లు అని రాసి ఉంటే, నీడ నిజంగా 10 రెట్లే పెరగాలి.

ఆ నమ్మకాన్ని పరీక్షించే సాధనం గాజు స్కేలు. చిన్న గాజు పలక మీద సన్నటి గీతలు గీసి, వాటి దూరాలను ప్రయోగశాలలో కొలిచి ధ్రువపత్రం ఇస్తారు. దాన్ని బల్ల మీద పెట్టేటప్పుడు గీతలున్న ముఖం లెన్స్ వైపు ఉండాలి. గీతలు స్పష్టంగా కనిపించేలా ఫోకస్ చేశాక, స్క్రీన్ మీద మరో పెద్ద గాజు స్కేలు ఆనించి వాటి నీడల మధ్య దూరం చదువుతారు. ఈ పెద్ద స్కేలు గీతలు స్క్రీన్‌కు అతుక్కునే వైపు ఉండాలి. లేకపోతే కన్ను కాస్త పక్కకు జరిగినా కొలత మారిపోతుంది. గీతకూ కొంత మందం ఉంటుంది కాబట్టి, ఒక గీత ఎడమ అంచు నుంచి మరో గీత ఎడమ అంచు దాకా చదవడం మేలు.

300 మిల్లీమీటర్ల స్క్రీన్, 10 రెట్ల లెన్స్ ఉన్నాయనుకుందాం. గాజు స్కేలు మీద 20 మి.మీ. దూరం స్క్రీన్ మీద 200 మి.మీ. కావాలి. భూతద్దంతో చూస్తే కన్ను 0.1 మి.మీ. వరకు అంచనా వేయగలదు. అది 200లో 0.05 శాతం. అదే 20 మి.మీ. నీడను మాత్రమే చదివితే ఆ అంచనా పొరపాటే 0.5 శాతం అవుతుంది. అందుకే ఎంత పొడవు పడితే అంత పొడవు కొలవాలి.

కొలిస్తే 200.4 వచ్చింది. అంటే 0.2 శాతం ఎక్కువ. అంచు నీడతో కొలిచే మంచి యంత్రాలకు తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు 0.1 శాతం. వినడానికి చిన్న అంకెే, కానీ పొడవు 12 మి.మీ., టాలరెన్స్ 0.02 అటూఇటూ ఉన్న ముక్కను తీసుకోండి. సరిగ్గా 12.00 ఉన్న మంచి ముక్క 12.024గా కనిపించి రిజెక్ట్ అవుతుంది. 11.97 ఉన్న చెడ్డ ముక్క 11.994గా కనిపించి పాసైపోతుంది. నష్టం రెండు వైపులా ఉంటుంది. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

తప్పుందని తెలిశాక అది ఎక్కడుందో కూడా ఈ స్కేలే చెబుతుంది. మొత్తం పొడవు చదివి ఊరుకోకుండా ముక్కలుగా చదవాలి. నడుమ 10 మి.మీ.లు, రెండు పక్కల అయిదేసి మి.మీ.లు, అన్నీ ఒకే శాతం పెరిగితే లోపం లెన్స్ కూర్చున్న తీరులోనో, స్క్రీన్ దాకా కాంతి వెళ్లే దూరంలోనో ఉంటుంది. ఆ దూరం ఒక మీటరైతే 2 మి.మీ. తేడా చాలు, దాదాపు 0.2 శాతం తప్పు వస్తుంది. కాబట్టి ముందుగా లెన్స్ విప్పి, కూర్చునే చోట దుమ్మూ జిడ్డూ తుడిచి, బిగించి మళ్లీ చదవాలి.

అలా కాకుండా నడుమ సరిగ్గా 100.0 వచ్చి, పక్కలు 50.2 చొప్పున వచ్చాయా? మొత్తం మళ్లీ అదే 200.4. కానీ ఇది లెన్స్ అంచుల్లో ఉండే వక్రీకరణ. బిగింపు సరిచేస్తే పోదు. స్క్రీన్ నడిభాగంలోనే కొలిస్తే తప్పించుకోవచ్చు. ఎడమ సగం 100.0, కుడి సగం 100.4 వస్తే అద్దమో స్క్రీనో ఒక పక్కకు వంగిందని అనుమానించాలి. స్కేలును 90 డిగ్రీలు తిప్పి నిలువునా చదివితేగాని ఈ వంపు ఎటో పూర్తిగా తేలదు.

ముక్కను స్క్రీన్ నడుమ గీతకు తాకించి, బల్లను జరుపుతూ దాని మైక్రోమీటర్ చదివి కొలిచేవారికి ఈ తప్పు తగలదు, ఎందుకంటే అక్కడ కొలిచేది బల్ల. చార్టుతో పోల్చేవారికే ఇది అసలు పరీక్ష.

గాజు స్కేలు పట్టుకోలేనిది ఒకటుంది. దాని గీతలు చదునైన ముఖం మీద ఉంటాయి. గుండ్రటి కడ్డీ అంచున మాత్రం కాంతి కడ్డీ ఒంటిని ఒరుసుకుంటూ వెళ్తుంది. దీపం సరిగ్గా అమరకపోతే కడ్డీ వ్యాసం తప్పుగా కనిపిస్తుంది, గాజు స్కేలు మీద అంతా సవ్యంగా ఉన్నా సరే. అందుకని గుండ్రటి ముక్కలు కొలిచేచోట, వ్యాసం ముందే కచ్చితంగా తెలిసిన పిన్ను ఒకదాన్ని స్కేలు తరువాత బల్ల మీద పెట్టి చూస్తారు.