ముందు హెచ్చరిక, తర్వాత పని

పశువుల దాణాలో మాంసకృత్తుల శాతం తేల్చడానికి ప్రయోగశాలల్లో నేటికీ కెల్డాల్ పద్ధతి వాడుతున్నారు. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో ప్రకటించిన పద్ధతి ఇది. నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారుతుంది. దానికి క్షారం కలిపి, వెలువడే అమ్మోనియాను పట్టి కొలుస్తారు.

మాన్యువల్‌లో ఈ పని పేజీల కొద్దీ సాగుతుంది. ప్రమాదమున్న చోట వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: ద్రావణం తేటపడిన పిమ్మట మరో అరగంట వేడిచేసి, చల్లార్చి, 200 మిల్లీలీటర్ల స్వేదనజలం కలిపి, 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో క్షారయుతం చేసి, స్వేదనం చేయవలెను. ఒక్క వాక్యంలో అయిదు పనులు. గ్లవ్స్ తొడుక్కుని, ఒక కన్ను ఫ్లాస్కు మీద ఉంచి చదివేవారికి ‘చల్లార్చి’ అన్న మాట ఇట్టే జారిపోతుంది. అంతకుముందు దాకా ఆ ఆమ్లం సుమారు 400 డిగ్రీల వేడిలో ఉంది. అందులో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై, ఆమ్లాన్ని మెడలోంచి మొహం మీదికి చిమ్ముతాయి.

అందుకే బెంచి మీద పెట్టుకునే చెక్‌లిస్టు తయారుచేయడమంటే మాన్యువల్‌ను కుదించడం కాదని నా నమ్మకం. చేతికి పని చెప్పే వాక్యాలను విడదీసి, చేయాల్సిన వరుసలో పేర్చాలి. సిద్ధాంతం, సమీకరణాలు మాన్యువల్‌లోనే ఉండనివ్వండి. ఒక వరుసకు ఒకే పని ఇవ్వాలి. పై వాక్యాన్ని అలా విడదీస్తే ఇలా వస్తుంది:

☐ హీటర్ ఆపాను. సమయం: ____
☐ పొగలు ఆగాయి, ఫ్లాస్కు గది వేడికి చల్లారింది.
ఆగు! వేడి ఆమ్లంలో నీళ్లు పోస్తే చిమ్ముతుంది. కళ్లద్దాలు, ఫేస్‌షీల్డ్ పెట్టుకో. ఫ్లాస్కు మెడను మనుషుల వైపు తిప్పకు.
☐ 200 మి.లీ. నీళ్లు గోడ వెంట కొద్దికొద్దిగా పోశాను.
☐ మళ్లీ చల్లార్చాను.
ఆగు! క్షారం పోసేటప్పుడు కలపకు.
☐ ఫ్లాస్కు వంచి, క్షారాన్ని అడుగుకు పొరలా జారవిడిచాను.
☐ వెంటనే స్వేదన పరికరానికి బిగించాను.
☐ బిగించాకే ఫ్లాస్కు తిప్పి కలిపాను.

ఇక్కడ ‘మళ్లీ చల్లార్చాను’ అన్న వరుస చూడండి. మన వాక్యంలో అది లేనే లేదు. ఆమ్లంలో నీళ్లు కలిస్తే మళ్లీ వేడి పుడుతుంది, ఆ వేడి మీద క్షారం పడకూడదు. అనుభవమున్నవారు చెప్పకుండానే చేసే ఇలాంటి పని విడదీసి రాసేటప్పుడే బయటపడుతుంది. క్షారం పోసే వరుస కూడా ముఖ్యమే. బిగించకముందే కలిపితే అమ్మోనియా గాలిలో కలిసిపోయి, మాంసకృత్తుల శాతం తక్కువగా వస్తుంది.

హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందు వరుసలోనే ఉండాలి. పేజీ చివరి ‘జాగ్రత్తలు’ చదివేసరికి నీళ్లు పోయడం అయిపోతుంది. జాగ్రత్త అని ఊరుకోకుండా ఏం జరుగుతుందో, ఏం చేయాలో చెప్పాలి. అన్నిటికీ రంగు పూస్తే ఏదీ కనబడదు. ఈ పరీక్షలో నేనైతే నాలుగు చోట్లే పెద్ద గుర్తు పెడతాను: మరిగించే ముందు ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ వేయడం, నీళ్లు పోయడం, క్షారం పోయడం, చివర్లో హీటర్ ఆపడం. బోరిక్ ఆమ్లంలో మునిగిన గొట్టాన్ని పైకి తీయకుండా హీటర్ ఆపితే, పరికరం చల్లారేకొద్దీ ఆ ద్రవాన్ని వెనక్కి పీల్చేస్తుంది, పరీక్ష పోతుంది. ఈ గుర్తు ఎర్ర రంగొక్కటే అయితే జిరాక్స్‌లో మాయమవుతుంది. దళసరి గీతల పెట్టె, పెద్ద అక్షరాల ‘ఆగు’ తప్పనిసరి.

అంకెలకు ఖాళీలు అక్కడికక్కడే వదలాలి. నమూనా 1.00 గ్రాము, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 24.6 మిల్లీలీటర్లు, బ్లాంక్ 0.2 అనుకుందాం. తేడా 24.4ను 0.1తోనూ 1.4తోనూ గుణిస్తే నత్రజని 3.42 శాతం. దాన్ని 6.25తో గుణిస్తే మాంసకృత్తులు సుమారు 21.4 శాతం. బ్లాంక్ ఖాళీ నిండకపోతే ఈ లెక్క మొదలుపెట్టకూడదని అక్కడే రాయాలి.

తయారైన కాగితాన్ని రాసినవారే సరిచూస్తే లోపాలు కనబడవు. ఈ పరీక్ష చేయని, కానీ గాజుసామాను అలవాటున్న ఒకరికిచ్చి, పక్కన అనుభవజ్ఞుడు నిలబడి చేయించాలి. నమూనాగా స్వచ్ఛమైన అమ్మోనియం సల్ఫేట్ ఇవ్వవచ్చు. అందులో నత్రజని 21.2 శాతమని ముందే తెలుసు. బాగా తక్కువ వస్తే క్షారం చాలకపోవడమో, బిగింపుల దగ్గర లీకేజీయో కారణం కావచ్చు. అయితే నమూనా సరిగా జీర్ణమైందో లేదో ఈ లవణం చెప్పదు, ఎందుకంటే దాని నత్రజని ముందే అమ్మోనియం రూపంలో ఉంది. ఆ సంగతి తేల్చడానికి ట్రిప్టోఫాన్ లాంటి అమైనో ఆమ్లాన్ని మరిగించి చూస్తారు.

చేసేవారు ఏ వరుస దగ్గర ఆగి ప్రశ్న అడిగారో, ఆ వరుసను మార్చి రాయాలి. ప్రతి కాగితం మీదా మాన్యువల్ పేజీ సంఖ్య, మార్చిన తేదీ వేసి, పాత కాపీలన్నీ బెంచి మీంచి తీసేయాలి.