కత్తెరకు దొరకని జన్యువు

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204ను రైతులు సాంబ మసూరి అంటారు. సన్నగింజ, మెత్తటి అన్నం, మంచి ధర. ఇన్ని సుగుణాలున్నా దానికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తి మాత్రం లేదు. గాలివానలకు ఆకులు చిరిగితే ఆ గాయాల్లోంచి శాంతోమోనాస్ అనే బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంబడి పసుపు చార అలలు అలలుగా కిందికి దిగి, చివరికి ఆకు గడ్డిలా తెల్లబడిపోతుంది. అనుమానంగా ఉంటే తెగులు సోకిన ఆకును కోసి, ఆ ముక్కను గ్లాసు నీళ్లలో నిలబెట్టి చూడవచ్చు. కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి ధార జారితే అది బ్యాక్టీరియా పనే. ఈ తెగులును గట్టిగా అదుపు చేసే మందు లేదు కాబట్టి, తట్టుకునే శక్తి మొక్కలోనే ఉండాలి.

అలాంటి శక్తినిచ్చే మూడు జన్యువులు శాస్త్రవేత్తలకు తెలుసు. వాటి పేర్లు Xa21, xa13, xa5. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఒక్క జన్యువునే నమ్ముకుంటే దాన్ని దాటగలిగే బ్యాక్టీరియా రకం ఎప్పుడో ఒకప్పుడు తయారవుతుంది. మూడూ కలిసి ఉంటే అది అంత తేలిక కాదు. ఈ మూడూ ఉన్న ఎస్‌ఎస్ 1113 అనే వరిని హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు సాంబ మసూరితో సంకరం చేశారు.

చిక్కంతా ఆ తర్వాతే. సంకర మొక్కలో సగం సాంబ, సగం దాత ఉంటాయి. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలపాలి. అలా ఒక్కో తరంలో సాంబ వాటా సగటున 75, 87.5, 93.75 శాతంగా పెరుగుతూ నాలుగోసారికి దాదాపు 97కు చేరుతుంది. ప్రతి తరంలోనూ మూడు జన్యువులూ జారిపోకుండా చూసుకోవాలి.

పాత పద్ధతిలో ఇందుకు కత్తెరే ఆధారం. బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొన కత్తిరిస్తారు. రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎంతో కొలుస్తారు. కానీ xa13, xa5 అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ ఉంటేనే వాటి ప్రభావం బయటపడుతుంది. సాంబతో కలిపిన ప్రతిసారీ మొక్కలో ఒక్క ప్రతే మిగులుతుంది కాబట్టి కత్తెర పరీక్షలో అవి ఉన్నా లేనట్టే కనిపిస్తాయి. పైగా Xa21 ఒక్కటే మొక్కను కాపాడుతుంటే, దాని వెనుక మిగతా రెండూ ఉన్నాయో లేవో తేల్చడం కష్టం.

ఇక్కడే మార్కర్ పనికొస్తుంది. జన్యువును ఆనుకొని ఉండి, రెండు రకాల మధ్య తేడా చూపే డీఎన్ఏ ముక్కనే మార్కర్ అంటారు. నారు దశలోనే చిన్న ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీస్తారు. పీసీఆర్ యంత్రంలో ఆ ముక్కను లక్షల ప్రతులు చేసి, జెల్‌లో కరెంటు పెట్టి పరిగెత్తిస్తారు. చిన్న ముక్క దూరం వెళ్తుంది, పెద్దది వెనకబడుతుంది. Xa21 మార్కర్‌లో దాతది పెద్ద ముక్క, సాంబది చిన్నది. జెల్‌లో పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు గీతలు కనిపిస్తే ఆ నారు మొక్కలో జన్యువు ఒక ప్రతి ఉన్నట్టు. కింది గీత ఒక్కటే ఉంటే పీకి పారేస్తారు.

ఒక్కో జన్యువు దక్కే అవకాశం సగమే కాబట్టి, మూడూ ఉన్నవి ఎనిమిదింటిలో ఒకటి. 80 మొక్కలుంటే సుమారు పది. ఆ పదింటికి క్రోమోజోములంతటా పరచుకున్న వేరే మార్కర్లతో రెండో వడపోత ఉంటుంది. వాటిలో సాంబ మసూరికి ఎక్కువ దగ్గరగా ఉన్న దాన్నే తర్వాతి సంకరానికి తీసుకుంటారు.

నాలుగోసారి కలిపాక ఎంచుకున్న మొక్కను దాని పుప్పొడితోనే గింజ కట్టనిచ్చారు. మూడు జన్యువులూ రెండేసి ప్రతులతో దొరికే అవకాశం 64లో ఒకటి. అందుకే ఇక్కడ వందల మొక్కలు పెంచి వెతకాలి. అలా వచ్చిన వంగడమే 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. ఇందులో బయటి నుంచి జన్యువును ప్రయోగశాలలో చొప్పించింది లేదు. జరిగిందంతా పుప్పొడితో చేసిన సంకరమే కాబట్టి దీన్ని జన్యుమార్పిడి పంట అనరు.

మార్కర్ కూడా మోసం చేయవచ్చు. అది జన్యువుకు కాస్త దూరంగా ఉంటే పుప్పొడి తయారయ్యే వేళ రెండూ విడిపోవచ్చు. అప్పుడు జెల్‌లో గీత ఉంటుంది కానీ మొక్కలో జన్యువు ఉండదు. జన్యువు వెంట దాత నుంచి అక్కరలేని ముక్క కూడా రావచ్చు. దానివల్ల గింజ, దిగుబడి మారితే పొలంలో వేసి చూస్తేనే తెలుస్తుంది. అందుకే చివర్లో మళ్లీ కత్తెర తీస్తారు. మూడు జన్యువులున్న మొక్కల్లో ఎండు మచ్చ కొద్దిపాటి పొడవులోనే ఆగిపోతే, పక్కనే నాటిన అసలు సాంబ మసూరిలో అది ఆకు పొడవునా పాకుతుంది. అయితే ఈ రక్షణ ఎండాకు తెగులు వరకే. అగ్గితెగులు, దోమపోటు వస్తే ఈ మూడు జన్యువులూ కాపాడలేవు. వాటికి వేరే జన్యువులు వెతికి, మళ్లీ మొదటి సంకరం నుంచి మొదలుపెట్టాల్సిందే.